గుంటూరు కారం, పసుపు అమెరికాకు పంపేటప్పుడు ప్యాకింగ్ లిస్ట్ ఎలా తయారు చేయాలి

ఇన్వాయిస్ చూస్తే సరుకు ఎంతకు అమ్మారో తెలుస్తుంది. ఏ పెట్టెలో ఏముంది, ఆ పెట్టె ఏ ప్యాలెట్ మీద ఉంది, ఎంత బరువు, ఎంత చోటు పడుతుంది అన్నవి ప్యాకింగ్ లిస్ట్ చూస్తే తెలియాలి. దాన్ని చదివే వాళ్లలో చాలామందికి ధరతో పనే లేదు. రేవు దగ్గర సరుకు దించుకునే మనిషి, ఒక పెట్టె తెరిచి చూడాలనుకునే కస్టమ్స్ అధికారి, న్యూజెర్సీ గోడౌన్‌లో ప్యాలెట్ విప్పే కుర్రాడు, వీళ్లే దాని అసలు పాఠకులు. అందుకే ప్యాకింగ్ లిస్ట్‌లో ధరలు వేయరు. సరుకు కొన్న ధర గోడౌన్ వాళ్లందరికీ తెలియడం చాలామంది బయ్యర్లకు ఇష్టం ఉండదు కూడా.

ఉదాహరణగా ఒక చిన్న ఆర్డర్ తీసుకుందాం. గుంటూరు నుంచి చెన్నై రేవు మీదుగా న్యూయార్క్, న్యూజెర్సీ రేవుకు మూడు రకాల సరుకు వెళ్లాలి: అర కిలో ప్యాకెట్లలో కారం 1,500 కిలోలు, అర కిలో ప్యాకెట్లలో పసుపు 1,080 కిలోలు, 200 గ్రాముల ప్యాకెట్లలో తొడిమ తీసిన ఎండుమిర్చి 300 కిలోలు. ఇది పూర్తి కంటైనర్‌కు సరిపోయే సరుకు కాదు. కాబట్టి ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో వేసే ఎల్‌సీఎల్ పద్ధతిలో వెళ్తుంది. లిస్ట్‌లో తప్పులు ఎక్కువ ఖరీదు పెట్టించేది ఈ పద్ధతిలోనే. మీ సరుకును ఇంకొకరు కొలుస్తారు, ఇంకొకరు లోడ్ చేస్తారు, అక్కడ ఇంకొకరు విడదీస్తారు.

ముందు ఒక్క పెట్టె లెక్క తేల్చుకోండి

లిస్ట్ పని కంప్యూటర్ దగ్గర మొదలవదు, ప్యాకింగ్ షెడ్‌లో మొదలవుతుంది. ప్రతి రకానికీ ఒక కార్టన్ నింపి, టేపు వేసి, స్టిక్కర్ అంటించి, పూర్తిగా తయారైన పెట్టెను కాటా మీద పెట్టండి.

మన ఉదాహరణలో కారం పెట్టెలో అర కిలోవి 20 ప్యాకెట్లు, అంటే నెట్ బరువు 10 కిలోలు. ఖాళీ ప్యాకెట్ ఒక్కొక్కటి 8 గ్రాముల చొప్పున 160 గ్రాములు, ఐదు పొరల అట్టపెట్టె టేపుతో కలిపి 640 గ్రాములు. గ్రాస్ బరువు 10.80 కిలోలు. పసుపు పెట్టెలో 24 ప్యాకెట్లు, నెట్ 12 కిలోలు. కాగితం మీద కూడితే గ్రాస్ 12.83 వస్తుంది, కాటా మాత్రం 12.85 చూపిస్తుంది. ఇలాంటి చోట కాటా మాటే నమ్మండి. ప్యాకెట్ నింపే మెషిన్ తక్కువ పడకుండా ఉండాలని ఒక గ్రాము ఎక్కువే పోస్తుంది, ఆ తేడా గ్రాస్‌లో కనిపిస్తుంది. నెట్ మాత్రం ప్యాకెట్ మీద అచ్చేసిన బరువు ప్రకారమే రాయాలి. ఎండుమిర్చి పెట్టెలో 25 ప్యాకెట్లు, నెట్ 5 కిలోలు, గ్రాస్ 6.30.

ఒక్క పెట్టె తూచి ఊరుకోకండి. రకానికి పది పెట్టెలు తూచి, తేడా ఎంత ఉందో చూడండి. కారం పెట్టెల మధ్య తేడా 50, 60 గ్రాములు దాటకపోతే సగటు తీసుకుని దాన్నే అన్నింటికీ వాడొచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటే ప్యాకింగ్‌లోనే ఏదో లోపం ఉన్నట్టు, ముందు దాన్ని సరిచేయించండి. ఆ తర్వాత మిగతా పెట్టెలన్నీ కూడా కాటా మీదుగానే దాటించండి. ఇది లిస్ట్ కోసం కాదు, లోపల ప్యాకెట్ తగ్గిందేమో పట్టుకోవడానికి. ఒక కారం ప్యాకెట్ తక్కువైతే పెట్టె బరువు 10.80 బదులు 10.30 దగ్గర ఆగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఎండుమిర్చితో అంత సులువు కాదు. ఒక ప్యాకెట్ తగ్గితే తేడా 210 గ్రాములే. వాన రోజుల్లో అట్టపెట్టె చెమ్మ పీల్చి కొంత బరువు పెరుగుతుంది కాబట్టి ఆ లోటులో కొంత మరుగున పడుతుంది. ఆ రకానికి మాత్రం తూకంతో పాటు లెక్కపెట్టే మనిషి కూడా ఉండాలి.

దశాంశాల సంగతి ఇక్కడే తేల్చేయండి. 12.85ను చక్కగా ఉంటుందని 12.9 చేస్తే, 90 పెట్టెల దగ్గర నాలుగున్నర కిలోల తేడా వస్తుంది. మీ ఇన్వాయిస్‌లో ఒక మొత్తం, లిస్ట్‌లో ఇంకొక మొత్తం కనిపించేది సాధారణంగా ఇలాగే. ఒక పెట్టె బరువును రెండు దశాంశాల వరకు రాసి, గుండ్రం చేయాల్సి వస్తే చివరి మొత్తం దగ్గర మాత్రమే చేయండి.

కొలతలు: నింపిన పెట్టెను కొలవండి

అట్టపెట్టెల తయారీదారు చెప్పే కొలత చాలాసార్లు లోపలి కొలత. మీకు కావలసింది బయటి కొలత, అదీ సరుకు నింపి మూసిన తర్వాతది. మసాలా ప్యాకెట్లలో గాలి ఉంటుంది, అందుకే పెట్టె పైమూత ఉబ్బుతుంది. 25 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె 26 అయిందనుకోండి, ఒక్క పెట్టె దగ్గర అది కంటికి ఆనదు. ఆరు వరసలు పేర్చినప్పుడు ప్యాలెట్ ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంది. ప్యాకెట్‌ను సీల్ చేసే ముందు గాలి వదిలించడం, పెట్టె మూతను నొక్కి టేపు వేయడం ఈ లెక్కలో భాగమే.

పొడవు, వెడల్పు, ఎత్తు అనే వరస అన్ని పెట్టెలకూ ఒకేలా ఉండాలి. కారం, పసుపు పెట్టెలు రెండూ 40 × 30 × 25 సెంటీమీటర్లు. ఎండుమిర్చి బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి దాని పెట్టె 50 × 40 × 30. ఘనపరిమాణం ఘనమీటర్లలో రావాలంటే సెంటీమీటర్లలోని మూడు కొలతలనూ గుణించి పది లక్షలతో భాగించాలి. కారం పెట్టె 0.030 ఘనమీటర్లు, మిర్చి పెట్టె 0.060. మొత్తం చూస్తే చిన్న పెట్టెలు 240కి 7.20, పెద్దవి 60కి 3.60, కలిపి 10.80 ఘనమీటర్లు.

సరుకును ఓడకెక్కించే ఏర్పాట్లు చూసే ఫార్వార్డర్‌ను ఈ 10.80 అంకెతోనే రేటు అడిగేవాళ్లు చాలామంది. తర్వాత వచ్చిన బిల్లు చూసి ఆశ్చర్యపోతారు. ఎందుకంటే వాళ్లు కొలిచేది పెట్టెల్ని కాదు, పేర్చిన ప్యాలెట్‌ను.

ప్యాలెట్ మీద పేర్చడం

120 × 100 సెంటీమీటర్ల ప్యాలెట్ మన పెట్టెలకు సరిగ్గా సరిపోతుంది. 40 × 30 పెట్టెలు ఒక వరసలో పది పడతాయి. 120 వైపున పొడవుగా మూడేసి చొప్పున రెండు బారులు పెడితే ఆరు, మిగిలిన 40 సెంటీమీటర్ల జాగాలో అడ్డం తిప్పి నాలుగు. పెట్టెలు పైకి పేర్చుకుంటూ పోయేటప్పుడు ఒక వరస తర్వాత ఒక వరస ఈ అమరికను అటు తిప్పి, ఇటు తిప్పి వేస్తే కట్టు పడుతుంది. 50 × 40 పెట్టెలు వరసకు ఆరు.

చిన్న పెట్టెలు ఆరు వరసలు పేరిస్తే 150 సెంటీమీటర్లు, కింద ప్యాలెట్ 15, మొత్తం ఎత్తు 165. పెద్ద పెట్టెలు ఐదు వరసలు పేర్చినా అదే 165 వస్తుంది. అంటే ఒక ప్యాలెట్‌కు కారం లేదా పసుపు పెట్టెలు 60, మిర్చి పెట్టెలు 30. మనకు కారం 150, పసుపు 90, మిర్చి 60 పెట్టెలు ఉన్నాయి కాబట్టి ఆరు ప్యాలెట్లు సరిపోతాయి. వాటిలో మూడోది మాత్రం కలగలుపు ప్యాలెట్: కారం 30, పసుపు 30. బరువైన పసుపును కింద మూడు వరసలు, కారాన్ని పైన మూడు వరసలు పెట్టండి. కలగలుపు ప్యాలెట్ వీలైనంతవరకు ఒకటికి మించకుండా చూసుకోండి. అక్కడి గోడౌన్‌లో ముందు చేతికి చిక్కేది అదే, లెక్క తప్పేదీ అక్కడే.

ప్రతి ప్యాలెట్ 1.20 × 1.00 × 1.65, అంటే 1.98 ఘనమీటర్లు. ఆరింటికి 11.88. పెట్టెల లెక్క కంటే ఒక ఘనమీటర్ పైనే ఎక్కువ. ఎల్‌సీఎల్‌లో ఓడ కిరాయి ఘనమీటర్‌కో, వెయ్యి కిలోలకో, ఏది ఎక్కువైతే దానికి కడతారు. మన సరుకు మూడు టన్నుల చిల్లర, చోటు 11.88 ఘనమీటర్లు. కాబట్టి చోటుకే డబ్బు కడతాం, బరువుకు కాదు. మసాలాలకు దాదాపు ఎప్పుడూ ఇంతే.

పెట్టెలు ప్యాలెట్ అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి వచ్చాయనుకోండి, ఎత్తు కూడా రెండు పెరిగిందనుకోండి. 122 × 102 × 167 చొప్పున ఆరు ప్యాలెట్లకు 12.47 అవుతుంది. రేవు దగ్గర సరుకు చేర్చే కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌లో, మనవాళ్లు సీఎఫ్‌ఎస్ అంటారు, టేపు పెట్టి కొలిస్తే ఆ అంకే బిల్లులోకి వస్తుంది. మీ లిస్ట్‌లో 11.88 అని ఉండి అక్కడ 12.47 వస్తే డబ్బు తేడా ఒక సంగతి. ఇకనుంచి మీ కొలతల్ని వాళ్లు ఎప్పుడూ మళ్లీ కొలుస్తారన్నది రెండో సంగతి. ఫిల్మ్ చుట్టి, బెల్టులు బిగించాక, బాగా ఉబ్బిన చోట టేపు పెట్టి కొలిచిన అంకెనే లిస్ట్‌లో రాయండి.

ప్యాలెట్ బరువు మర్చిపోవడం మరీ మామూలు. చెక్క ప్యాలెట్ 20 కిలోలు, ఫిల్మ్, బెల్టులు, మూలలకు పెట్టే అట్టలు కలిపి 2 కిలోలు అనుకుంటే ఆరింటికి 132 కిలోలు. ప్యాలెట్ బరువు ఒకదానికొకటి తేడాగానే ఉంటుంది, పచ్చి చెక్క అయితే మరీను. సరుకు పెట్టే ముందు ఖాళీ ప్యాలెట్‌ను తూచి, బరువు దాని మీదే మార్కర్‌తో రాసుకుంటే తర్వాత ఊహించే పని ఉండదు.

ప్యాలెట్ చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్కలో పురుగు లేకుండా అంతర్జాతీయ నియమం ప్రకారం చికిత్స చేశారన్న గుర్తు. గోధుమ వెన్ను గుర్తు, ఐపీపీసీ అక్షరాలు, మన దేశపు కోడ్ ఐఎన్, చికిత్స చేసిన సంస్థ నంబర్, హెచ్‌టీ లేదా ఎంబీ అన్న అక్షరాలు ఆ ముద్రలో ఉంటాయి. హెచ్‌టీ అంటే చెక్క నడిమి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర 30 నిమిషాలు ఉండేలా వేడి చేశారని, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టారని. ముద్ర లేని చెక్కతో అమెరికా చేరితే అక్కడి కస్టమ్స్ వాళ్లు సరుకుతో సహా వెనక్కి పంపించమని ఆదేశించవచ్చు. ప్యాలెట్ ఎదురెదురు వైపులా ముద్ర కనిపించేలా ఉందో లేదో చూడండి. ఫిల్మ్ కింద మూసుకుపోతే ఉన్నా లేనట్టే. పాత ప్యాలెట్‌కు మరమ్మతు చేసి ముద్ర లేని కొత్త పలక కొట్టారేమో కూడా గమనించండి, అలా అయితే ఆ ముద్ర చెల్లదు. ప్లైవుడ్ ప్యాలెట్లకు ఈ నియమం వర్తించదు.

నంబర్లు, లాట్లు

పెట్టెల నంబర్లు 1 నుంచి 300 వరకు ఒకే వరసలో వేయండి. కారానికి ఒక 1, పసుపుకు ఇంకో 1 అని వేస్తే అక్కడ రెండు ఒకటో నంబర్ పెట్టెలు ఉంటాయి, ఫోన్‌లో ఏ పెట్టె గురించి మాట్లాడుతున్నారో ఎవరికీ అర్థం కాదు. నంబర్ పెట్టె మీద కనీసం రెండు పక్కల ఉండాలి. ప్యాలెట్ మీద పేర్చాక ఒక పక్క లోపలికి పోతుంది.

పేర్చడం కూడా నంబర్ల వరసలోనే జరగాలి. ఒకటో ప్యాలెట్ మీద 1 నుంచి 60, రెండో దాని మీద 61 నుంచి 120. హమాలీలు చేతికి అందిన పెట్టె అందినట్టు పేరిస్తే లిస్ట్‌లో మీరు ఏం రాసినా అది అబద్ధమే. ప్రతి ప్యాలెట్ పక్కన ఒక మనిషి నిలబడి నంబర్లు టిక్కు పెట్టుకోవాలి. ఫిల్మ్ చుట్టే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఆహార పదార్థాలకు లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకు ఇచ్చే నంబర్, కూడా లిస్ట్‌లో రాయడం మంచిది. అమెరికాలో మసాలాలకు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సాల్మొనెల్లా బ్యాక్టీరియా పరీక్ష చేయవచ్చు. నమూనా తీసిన లాట్ మీద అనుమానం వస్తే, ఆ లాట్ ఏయే పెట్టెల్లో ఉందో లిస్ట్ చూసి చెప్పగలగాలి. లాట్ మార్పు ప్యాలెట్ హద్దు దగ్గర పడేలా ముందే చూసుకుంటే సగం పని తప్పుతుంది. మన ఆర్డర్‌లో కారం రెండు లాట్లు అనుకుంటే, మొదటిది 1 నుంచి 120 వరకు, రెండోది 121 నుంచి 150 వరకు. మొదటి లాట్‌కు ఏమైనా జరిగితే ఒకటి, రెండు ప్యాలెట్లు పక్కన పెడితే చాలు, మిగతా నాలుగూ విప్పక్కర్లేదు.

సరుకు వివరం ఎలా రాయాలి

లిస్ట్‌లో ‘స్పైసెస్’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. వస్తువు పేరు, రూపం, ప్యాకింగ్, వర్గీకరణ కోడ్ ఈ నాలుగూ ఉంటే చదివేవాళ్లకు ఇంకో ప్రశ్న రాదు. టైప్ చేసేటప్పుడు వివరాలు ఇలా ఉంటాయి:

```
RED CHILLI POWDER, 20 x 500 G POUCHES      HS 09042211
TURMERIC POWDER, 24 x 500 G POUCHES        HS 09103030
DRIED RED CHILLIES, WHOLE, STEMLESS,
  25 x 200 G POUCHES                       HS 09042110
```

ఎండుమిర్చి, కారం రెండూ మిర్చే కదా అని ఒకే కోడ్ వేసేవాళ్లున్నారు. పొడి చేయనిది 0904.21, పొడి చేసింది 0904.22. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే, చివరి రెండూ మన దేశపువి. బయ్యర్ అక్కడ తన దేశపు కోడ్ వేసుకుంటాడు, కానీ మొదటి ఆరు మీతో కలవకపోతే ఆయనకు చిక్కు. రకం పేరు, అంటే తేజ, 334 లాంటివి, కొనుగోలు ఆర్డర్‌లో ఉంటే లిస్ట్‌లోనూ అలాగే ఉండాలి. ఆర్డర్‌లో లేనిదాన్ని మీరు కొత్తగా చేర్చకండి.

బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద డబ్బు వచ్చే ఆర్డర్ అయితే ఇంకో మాట. ఈ విషయంలో బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం ప్యాకింగ్ లిస్ట్‌లో సరుకు వివరం క్లుప్తంగా ఉన్నా పర్వాలేదు, లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో రాసినదానికి విరుద్ధంగా మాత్రం ఉండకూడదు. అంకెల విషయంలోనూ అంతే. ఇన్వాయిస్‌లో 300 పెట్టెలు, లిస్ట్‌లో 298 అని ఉంటే ఆ తేడాను పట్టుకుని బ్యాంకు కాగితాలు తిప్పి పంపిస్తుంది.

పట్టిక

ఇప్పుడు మాత్రమే ఎక్సెల్ తెరవండి. ఒక వరసలో ఒక ప్యాలెట్ మీద ఉన్న ఒక రకం సరుకు. కలగలుపు ప్యాలెట్‌కు రెండు వరసలు వస్తాయి, అంతే తేడా.

```
PLT  CTN NOS  CTNS  GOODS            NET KG   GROSS KG
1    001-060    60  CHILLI POWDER    600.00     648.00
2    061-120    60  CHILLI POWDER    600.00     648.00
3    121-150    30  CHILLI POWDER    300.00     324.00
3    151-180    30  TURMERIC POWDER  360.00     385.50
4    181-240    60  TURMERIC POWDER  720.00     771.00
5    241-270    30  WHOLE CHILLIES   150.00     189.00
6    271-300    30  WHOLE CHILLIES   150.00     189.00
TOTAL          300                  2880.00    3154.50
6 PALLETS @ 22.00 KG                            132.00
GROSS WEIGHT INCL. PALLETS                     3286.50
MEASUREMENT: 6 x (120 x 100 x 165 CM) = 11.88 CBM
```

గ్రాస్ బరువు రెండు రకాలుగా వేశామని గమనించండి. పెట్టెల వరకు ఒకటి, ప్యాలెట్లతో కలిపి ఒకటి. కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్‌లో, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్‌లో వెళ్లేది రెండోది, 3,286.50. రెండూ విడిగా రాయకపోతే కస్టమ్స్ ఏజెంట్ ఒకటి, ఫార్వార్డర్ ఇంకొకటి తీసుకుంటారు. ఆ 132 కిలోల తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి ఒక పూట పోతుంది. పూర్తి కంటైనర్ పంపేటప్పుడైతే ఇంకా జాగ్రత్త కావాలి. 2016 జూలై 1 నుంచి అమల్లో ఉన్న, ఓడల భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందపు నియమం ప్రకారం కంటైనర్ మొత్తం బరువును షిప్పరే ప్రకటించాలి. అందులో సరుకు, ప్యాలెట్లు, అడ్డుపెట్టే చెక్కలు, ఖాళీ కంటైనర్ బరువు అన్నీ కలుస్తాయి. ఎల్‌సీఎల్‌లో ఆ పని సరుకు కలిపి నింపేవాళ్లది, వాళ్లు ఆధారపడేది మాత్రం మీరిచ్చిన అంకె మీదే.

ప్రతి ప్యాలెట్ బరువు విడిగా ఒక చిన్న పట్టికలో కింద ఇవ్వండి. ఫోర్క్‌లిఫ్ట్ వాళ్లకు, లోపల ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవాళ్లకు అది కావాలి. మన లెక్కలో ఒకటి, రెండు ప్యాలెట్లు 670 కిలోల చొప్పున, మూడోది 731.50, నాలుగోది 793, చివరి రెండూ 211 చొప్పున. కలిపితే 3,286.50 రావాలి. వచ్చింది కాబట్టి పట్టికలో కూడిక తప్పు లేదు.

మొత్తాలు చేత్తో టైప్ చేయకండి. పెట్టెల సంఖ్య C కాలమ్‌లో, ఒక పెట్టె గ్రాస్ బరువు E కాలమ్‌లో ఉంటే ఇది చాలు:

```
=SUMPRODUCT(C5:C11,E5:E11)
```

ఎక్సెల్‌లో ఒక పాత ఉచ్చు ఉంది. ఎవరైనా గడిలో బరువుతో పాటు ‘kg’ అని కూడా టైప్ చేస్తే ఆ గడి అక్షరాలుగా మారుతుంది. మొత్తం వేసే ఫార్ములా ఆ గడిని వదిలేసి కూడుతుంది, తప్పు చూపించదు. యూనిట్‌ను పైన శీర్షికలో మాత్రమే పెట్టండి. మొత్తం తక్కువగా కనిపిస్తే ముందు అక్కడే చూడండి.

ఆరు ప్యాలెట్లా, 300 పెట్టెలా?

ప్యాకేజీల సంఖ్య దగ్గర ఏం రాయాలన్నది చాలామంది పట్టించుకోని విషయం, నా లెక్కలో లిస్ట్ మొత్తంలో డబ్బు పరంగా బరువైనది ఇదే. రెండూ రాయండి: ఆరు ప్యాలెట్లు, వాటిలో 300 కార్టన్లు. టైప్ చేసేటప్పుడు మాట ఇలా ఉంటుంది:

```
6 PALLETS CONTAINING 300 CARTONS
```

కారణం అమెరికా చట్టంలో ఉంది. ఓడల్లో సరుకు రవాణా మీద 1936లో చేసిన కోగ్సా చట్టం ప్రకారం సరుకు పోయినా, పాడైనా ఓడ కంపెనీ బాధ్యత ఒక్కో ప్యాకేజీకి 500 డాలర్లకు మించదు, విలువ ముందే ప్రకటించి ఉంటే తప్ప. ప్యాకేజీ అంటే ప్యాలెట్టా, పెట్టెనా అన్న వివాదం వస్తే కోర్టులు ముందుగా చూసేది బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఏం రాసి ఉందో. అందులో ఆరు ప్యాలెట్లు అని మాత్రమే ఉంటే బాధ్యత 3,000 డాలర్ల దగ్గర ఆగిపోవచ్చు. 300 పెట్టెలు అని స్పష్టంగా ఉంటే ఆ హద్దు లక్షన్నర డాలర్లు. బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా ఫార్వార్డర్ తయారు చేసేది మీ ప్యాకింగ్ లిస్ట్ చూసే. ముసాయిదా వచ్చినప్పుడు ముందు ఈ గడినే చూడండి. బీమా ఉంటే మీ జేబుకు అంత దెబ్బ తగలకపోవచ్చు, బీమా కంపెనీ మాత్రం ఆ కాగితాన్ని తప్పకుండా అడుగుతుంది.

చివరి నిమిషంలో రెండు పెట్టెలు తగ్గితే

లారీ ఎక్కించే రోజు వాన పడి 255, 256 నంబర్ల మిర్చి పెట్టెలు తడిశాయనుకోండి. బదులు సరుకు లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

మిగతా పెట్టెల నంబర్లు మార్చకండి. మార్చితే లాట్ల రికార్డు, ఫోటోలు, స్టిక్కర్లు అన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ రెండు నంబర్లను ఖాళీగానే వదిలేసి, లిస్ట్‌లో ఐదో ప్యాలెట్ వరస దగ్గర 255, 256 నంబర్లు పంపలేదని ఒక్క వాక్యం రాయండి. ఇందుకే స్టిక్కర్ మీద 1/300 అని మొత్తం ముందే అచ్చు వేయించొద్దనేది. ప్యాకింగ్ ముగిశాక వేసుకుంటే సరిపోతుంది, లేదా మొత్తం లేకుండా నంబర్ మాత్రమే వేసుకోవచ్చు.

అంకెలు మారేది ఇలా: పెట్టెలు 298, నెట్ 2,870, పెట్టెల గ్రాస్ 3,141.90, ప్యాలెట్లతో 3,273.90. ఐదో ప్యాలెట్ 198.40 కిలోలు. ఘనమీటర్లు మాత్రం మారవు. పై వరసలో ఆరు పెట్టెలకు బదులు నాలుగు ఉన్నా ప్యాలెట్ ఎత్తు 165గానే ఉంటుంది, కాబట్టి కిరాయి అంతే. ఆ రెండు ఖాళీల్లో ఖాళీ అట్టపెట్టెలు పెట్టి కట్టకండి. మీకు అది బెల్టు బిగువు కోసం, లెక్కపెట్టేవాడికి మాత్రం అవి రెండు కార్టన్లు.

లిస్ట్ మారితే ఇన్వాయిస్ కూడా మారాలి, 10 కిలోల ధర తగ్గాలి. లారీ ఇంకా కదలకపోతే ఈ-వే బిల్లు కూడా కొత్త లెక్కతోనే తీయాలి. షిప్పింగ్ బిల్ అప్పటికే కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో ఫైల్ అయిపోయి ఉంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరాలి. ఆ పని మీ కస్టమ్స్ ఏజెంట్ చేస్తారు, కానీ ఆయనకు ఫోన్ చేసేది సరుకు రేవు చేరాక కాదు, లారీ కదలకముందే. సీఎఫ్‌ఎస్‌లో 298 లెక్కకొచ్చి కాగితంలో 300 ఉంటే సరుకు అక్కడే ఆగుతుంది. అప్పుడు మీరు చెప్పే వాన కథ నిజమే అయినా రుజువు చేసుకోవాల్సిన బాధ మీదే.

పంపే ముందు

ఇన్వాయిస్ నంబర్, తేదీ లిస్ట్‌లోనూ ఉండాలి. బయ్యర్ ఆర్డర్ నంబర్, ఎక్కించే రేవు, దింపే రేవు, ప్యాలెట్లు ఐఎస్‌పీఎం 15 ప్రకారం వేడి చేసినవన్న ఒక వాక్యం, కింద సంతకం. వీటి గురించి పొడవుగా చెప్పడానికేం లేదు, కాకపోతే తేదీ సంగతి చూడండి. నెల పేరు అక్షరాల్లో రాయండి. 05/07 అని రాస్తే మనం జూలై 5 అని చదువుతాం, అమెరికాలో మే 7 అని చదువుతారు.

సంతకం చేసిన పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్ ఫైల్‌ను కూడా బయ్యర్‌కు, కస్టమ్స్ ఏజెంట్‌కు, ఫార్వార్డర్‌కు ఒకే మెయిల్‌లో పంపండి. విడివిడిగా పంపితే సవరణలు వచ్చినప్పుడు ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో మీకే తెలియకుండా పోతుంది. సవరించిన ప్రతిసారీ ఫైల్ పేరు చివర R1, R2 అని వేసి, పాతది వాడొద్దని మెయిల్‌లోనే రాయండి. ఒక కాపీ ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూడో ప్యాలెట్‌కు, అంటే కలగలుపు దానికి, బయటి వైపున అంటించండి. ఆ కవర్ మీద PACKING LIST అని పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, లేకపోతే ఫిల్మ్‌తో పాటే చింపి పారేస్తారు.